సమాసంలో దాగిన విభక్తి: జర్మన్ పొడుగు మాటలను ఇంగ్లీషులోకి విప్పడం

మందుల షాపులో నిద్రమాత్ర అడిగితే నిద్ర పట్టించే మాత్ర ఇస్తారు. తలనొప్పి మాత్ర అడిగితే తలనొప్పి పోగొట్టే మాత్ర ఇస్తారు. రెండు మాటల కట్టుబడి ఒకటే: ముందు ఒక పేరు, వెనక మాత్ర. కానీ ఒక మాత్ర ముందున్నదాన్ని తెస్తుంది, ఇంకోటి పోగొడుతుంది. మాటలో ఎక్కడా ఆ సంగతి రాసిలేదు. అయినా తెలుగువాళ్ళెవరూ తికమకపడరు, ఎందుకంటే తలనొప్పి కావాలని ఎవరూ మందు కొనరు.

జర్మన్‌లోనూ ఈ రెండు మాటలు అచ్చంగా ఇలాగే ఉంటాయి. ష్లాఫ్‌టాబ్లెట్టె అంటే నిద్రమాత్ర, కోప్ఫ్‌ష్మెర్త్స్‌టాబ్లెట్టె అంటే తలనొప్పి మాత్ర. జర్మన్ మాటలు పొడుగ్గా ఉంటాయని అందరూ చెప్పుకుంటారు గానీ, వాటిని ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు వచ్చే అసలు ఇబ్బంది పొడుగు కాదు. ముక్కల మధ్య ఉన్న సంబంధం మాటలో కనపడకపోవడం. ముక్కలుగా కోయడం డిక్షనరీ ఉన్న ఎవరికైనా వస్తుంది. కోసిన తర్వాత ముక్కకీ ముక్కకీ మధ్య ఇంగ్లీషులో 'ఆఫ్' పెట్టాలా, 'ఫర్' పెట్టాలా, 'అగెన్‌స్ట్' పెట్టాలా, 'బై' పెట్టాలా అన్న దగ్గరే అర్థం నిలబడుతుంది, లేదా జారిపోతుంది.

మనం బడిలో సమాసాలకు విగ్రహవాక్యం రాశాం. దొంగభయం అంటే దొంగ వలన భయం, పంచమీ తత్పురుష. రాజభవనం అంటే రాజు యొక్క భవనం, షష్ఠీ తత్పురుష. పరీక్షలో నాలుగు మార్కుల కోసం చేసిన ఆ పనే జర్మన్ అనువాదానికి కావలసిన పని. సమాసంలో లోపించిన విభక్తిని వెనక్కి తెచ్చి పెట్టడమే విగ్రహవాక్యం. ఇంగ్లీషు ప్రిపొజిషన్లు చేసేదీ చాలావరకు మన విభక్తుల పనే. జర్మనీలో చదువుకో, ఉద్యోగానికో వెళ్ళి, ఆఫీసు కాగితాలను ఇంగ్లీషులోకి మార్చుకుని చదువుకునే తెలుగువాళ్ళకు ఇది చేతికి అందుబాటులో ఉన్న పనిముట్టు. అందుకే ఈ దారిలోనే చెబుతాను.

షుట్స్ అనే ఒక్క మాట

షుట్స్ అంటే రక్షణ. ఉమ్‌వెల్ట్‌షుట్స్ అంటే పర్యావరణానికి రక్షణ. డెంక్‌మాల్‌షుట్స్ అంటే చారిత్రక కట్టడాలకు రక్షణ. వీటిలో ముందున్న ముక్క కాపాడవలసిన వస్తువు. కానీ లెర్మ్‌షుట్స్‌లో లెర్మ్ అంటే రొద. రొదను ఎవరూ కాపాడరు. రొద నుంచి మనల్ని కాపాడడం అని అర్థం. బ్రాండ్‌షుట్స్ అంటే అగ్నిప్రమాదం నుంచి రక్షణ. మన దోమతెరా ఇలాంటిదే: దోమలకు కట్టిన తెర కాదు, దోమల నుంచి కాపాడే తెర.

ఇంగ్లీషులో 'నాయిస్ ప్రొటెక్షన్' అన్నా, 'ఫైర్ ప్రొటెక్షన్' అన్నా గొడవ లేదు. ఆ భాషలోనూ పేర్లను పక్కపక్కన పెట్టి సంబంధాన్ని దాచే అలవాటు ఉంది. రొద, నిప్పు ఎలాంటివో చదివేవాడికి తెలుసు కాబట్టి ఏ విభక్తి దాగిందో వాడే పూరించుకుంటాడు. ఇప్పుడు క్యూండిగుంగ్స్‌షుట్స్ తీసుకుందాం. క్యూండిగుంగ్ అంటే ఒప్పందాన్ని ముగిస్తున్నట్టు ఇచ్చే నోటీసు. దీన్ని 'టర్మినేషన్ ప్రొటెక్షన్' అని పెడితే, జర్మన్ కార్మిక చట్టం తెలియని మనిషికి ఏం అర్థమవుతుంది? ఉద్యోగం నుంచి తీసేసే హక్కును కంపెనీకి కాపాడుతున్నారా? తీసేయకుండా ఉద్యోగిని కాపాడుతున్నారా? తీసేశాక ఏదైనా సాయం ఇస్తున్నారా? మూడూ కుదురుతాయి. నిజానికి అది రెండోది: 'ప్రొటెక్షన్ అగెన్‌స్ట్ డిస్మిసల్', అంటే అకారణంగా ఉద్యోగం తీసేయకుండా రక్షణ.

సమాసాన్ని ఎప్పుడు విప్పాలి, ఎప్పుడు అలాగే ఉంచాలి అన్నదానికి నాకు తెలిసిన నమ్మకమైన కొలత ఇదే. మాట ఎంత పొడుగుంది అన్నది కాదు, దాగిన సంబంధాన్ని చదివేవాడు తన లోకజ్ఞానంతో పూరించుకోగలడా అన్నది చూడాలి. పూరించుకోగలిగితే పేర్లను పక్కపక్కన పెట్టి వదిలేయవచ్చు. డాటెన్‌షుట్స్‌ను 'డేటా ప్రొటెక్షన్' అంటే చాలు, అది ఇంగ్లీషులో ఎప్పుడో స్థిరపడింది. పూరించుకోలేకపోతే, మాట చిన్నదైనా సరే, 'అగెన్‌స్ట్' రాయాల్సిందే.

ఒక మాటను చివరిదాకా విప్పితే

అదే కుటుంబంలోంచి కొంచెం పెద్ద మాట చూద్దాం: క్యూండిగుంగ్స్‌షుట్స్‌క్లాగె. ఉద్యోగం పోయిన మనిషి చేతిలో ఈ మాటకు బరువెక్కువ. దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటే నష్టం కాగితంతో పోదు.

విప్పడం ఎప్పుడూ వెనక నుంచే మొదలుపెట్టాలి. జర్మన్ సమాసంలో ఆఖరి ముక్కే తల. ఆ వస్తువు ఏమిటో అదే చెబుతుంది, మాట ఏ లింగమో అదే నిర్ణయిస్తుంది. ముందున్నవన్నీ విశేషణాలే. ఇక్కడ ఆఖరి ముక్క క్లాగె. మామూలు మాటల్లో క్లాగె అంటే ఫిర్యాదు, గోడు. కోర్టు భాషలో అది దావా. కాబట్టి ఇది 'కంప్లెయింట్' కాదు. కంపెనీ హెచ్.ఆర్. విభాగానికి మెయిల్ పెడితే కంప్లెయింట్ అవుతుంది. క్లాగె అంటే న్యాయస్థానంలో వేసే కేసు.

తర్వాత అడగాల్సిన ప్రశ్న: ఎందుకు వేసే దావా? క్యూండిగుంగ్స్‌షుట్స్ కోసం. ఇక్కడ కోత ఎక్కడ పెట్టాలో చూడండి. క్యూండిగుంగ్స్ ఒకవైపు, షుట్స్‌క్లాగె ఒకవైపు అని విరగ్గొడితే 'తొలగింపుకు సంబంధించిన రక్షణ దావా' అన్నట్టు వస్తుంది, దేని నుంచి రక్షణో తేలదు. క్యూండిగుంగ్స్‌షుట్స్ ఒక ముద్ద, క్లాగె ఒక ముద్ద అంటే సంబంధం తేటపడుతుంది. క్యూండిగుంగ్స్‌షుట్స్‌గెజెట్స్ అనే పేరుతో 1951 నుంచి ఒక చట్టమే ఉంది. అంటే ఆ ముద్ద ముందే గట్టిపడిన మాట. పొడుగు సమాసంలో కోత ఎక్కడో తేలనప్పుడు, ఏ ముద్ద విడిగా డిక్షనరీలోనో, చట్టంలోనో దొరుకుతుందో వెతకడం మంచి పద్ధతి.

ఇక మిగిలింది క్యూండిగుంగ్. ఇక్కడ ఇంగ్లీషు మనల్ని ఎంచుకోమంటుంది. జర్మన్‌లో యజమాని ఉద్యోగిని తీసేసినా, ఉద్యోగే రాజీనామా చేసినా, ఇంటివాళ్ళు అద్దె ఒప్పందం ముగించినా, మీరు జిమ్ మెంబర్‌షిప్ రద్దు చేసుకున్నా అన్నిటికీ క్యూండిగుంగ్ అనే ఒక్క మాటే. ఇంగ్లీషులో అవి వేరువేరు: 'డిస్మిసల్', 'రెజిగ్నేషన్', 'టర్మినేషన్', 'క్యాన్సిలేషన్'. ఈ దావా వేసేది ఉద్యోగి, యజమాని ఇచ్చిన నోటీసు మీద. కాబట్టి 'డిస్మిసల్'. అదే క్యూండిగుంగ్స్‌ఫ్రిస్ట్ దగ్గరకొస్తే 'నోటీస్ పీరియడ్' అనాలి, ఎందుకంటే అది రెండు పక్షాలకూ వర్తించే గడువు. దాన్ని 'డిస్మిసల్ పీరియడ్' అంటే ఉద్యోగి రాజీనామా చేసేటప్పుడు గడువే లేదేమో అనిపిస్తుంది. ఒక జర్మన్ ముక్కకు ఒకే ఇంగ్లీషు ముక్క అని పట్టుదలకు పోతే కచ్చితత్వం వస్తుందని చాలామంది అనుకుంటారు. సమాసాల్లో జరిగేది అందుకు సరిగ్గా వ్యతిరేకం.

మొత్తం కలిపితే 'యాన్ యాక్షన్ ఫర్ ప్రొటెక్షన్ అగెన్‌స్ట్ డిస్మిసల్' అవుతుంది. లాయర్లు చదివే పత్రంలో ఇది సరిపోతుంది. మామూలు మనిషికి ఇంకా తేలిగ్గా, 'ఎ కోర్ట్ యాక్షన్ చాలెంజింగ్ ఎ డిస్మిసల్' అనవచ్చు. షుట్స్ అన్న ముక్క ఇక్కడ మాటగా పోయింది, కానీ పని పోలేదు. సవాలు చేయడంలో అది కలిసిపోయింది.

ఇక్కడొక ఆకర్షణ ఉంటుంది. ఇంగ్లీషులో ఇంతకన్నా సహజమైన, తయారుగా ఉన్న మాట ఒకటి ఉంది: 'అన్‌ఫెయిర్ డిస్మిసల్ క్లెయిమ్'. చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ అది బ్రిటన్ చట్టంలోని మాట. దాన్ని పెట్టగానే బ్రిటన్ గడువు, బ్రిటన్ ట్రైబ్యునల్ చదివేవాడి మనసులోకి వచ్చేస్తాయి. జర్మనీలో ఈ దావాను రాతపూర్వక నోటీసు చేతికందిన 3 వారాల్లోపు లేబర్ కోర్టులో వేయాలి. దాటిపోతే ఆ తొలగింపు మొదటినుంచీ చెల్లినట్టే చట్టం లెక్కగడుతుంది. పైగా ఆ దావాలో అడిగేది డబ్బు కాదు, 'నా ఉద్యోగ ఒప్పందం ఈ నోటీసుతో ముగిసిపోలేదు' అన్న ప్రకటన. ఆచరణలో చాలా కేసులు రాజీతో, కొంత సొమ్ముతో ముగుస్తాయి, అది వేరే సంగతి. బ్రిటన్‌లో కొన్నేళ్ళు పనిచేసి జర్మనీకి వచ్చిన మనిషి 'అన్‌ఫెయిర్ డిస్మిసల్' అన్న మాట చూసి, ఇంకా నెలలు టైముందిలే అనుకుంటే ఆ 3 వారాలు గడిచిపోతాయి. అందుకే సహజమైన పదబంధం అంటే చెవికి తెలిసిన పదబంధం అనుకోకూడదు. ఇంగ్లీషు వాక్యంలో ఇబ్బంది లేకుండా ఒదిగేది, ఇంకో దేశపు చట్టాన్ని వెంట తీసుకురానిది కావాలి.

చేసేవాడా, చేయించుకునేవాడా

'ఉంగ్' అని ముగిసే జర్మన్ మాటలు చాలావరకు క్రియ నుంచి పుట్టిన పేర్లు. అడగడం, నిర్ధారించడం, అప్పగించడం లాంటివి. వీటి ముందు మనిషి పేరు వస్తే ఒక చిక్కు ఎదురవుతుంది. పాత్సియెంటెన్‌బెఫ్రాగుంగ్ అంటే రోగులను ప్రశ్నలడిగి చేసే సర్వే. ఇక్కడ రోగులు కర్మ. పాత్సియెంటెన్‌ఫెర్‌ఫ్యూగుంగ్‌లో ముందు ముక్క అదే. కానీ అది రోగి తానే ముందుగా రాసిపెట్టే ఆదేశం. రేపు తాను మాట్లాడలేని స్థితికి వస్తే ఏ చికిత్స చేయాలి, ఏది చేయకూడదు అన్నది అందులో ఉంటుంది. ఇక్కడ రోగి కర్త. రెంటినీ షష్ఠితో 'రోగి యొక్క' అని విప్పితే ఈ తేడా మూతపడిపోతుంది. ఇంగ్లీషు 'పేషెంట్ సర్వే', 'పేషెంట్ ఆర్డర్' కూడా అలాగే మూసేస్తాయి. రెండోది మరీ ప్రమాదం. డాక్టరు రోగి గురించి రాసిన ఆర్డరు అనుకునే వీలుంది. ఇంగ్లీషులో దానికి 'అడ్వాన్స్ డైరెక్టివ్' అన్న మాట ఉంది. ఆదేశం ఎవరిదో పత్రంలో తేలకపోతే 'ద పేషెంట్స్ అడ్వాన్స్ డైరెక్టివ్' అని ఒక్క మాట కలిపితే సరిపోతుంది.

కర్త పూర్తిగా మాయమైపోయే మాటలు ఇంకా గట్టివి. అద్దె ఇళ్ళలో ఉండే మనవాళ్ళను భయపెట్టే మాట ఒకటుంది: ఐగెన్‌బెడార్ఫ్స్‌క్యూండిగుంగ్. ఐగెన్ అంటే సొంత, బెడార్ఫ్ అంటే అవసరం. 'సొంత అవసరపు నోటీసు'. ఎవరి సొంత అవసరం? మాటలో లేదు. ఇంగ్లీషులో 'టర్మినేషన్ ఫర్ పర్సనల్ నీడ్స్' అని పెడితే, అద్దెకున్నవాళ్ళే తమ సొంత కారణాల వల్ల ఖాళీ చేస్తున్నారని ఎవరైనా అనుకుంటారు. అసలు సంగతి తలకిందులు: ఇంటి యజమానికి ఆ ఇల్లు తనకోసమో, తన కుటుంబసభ్యుల కోసమో, తన ఇంట్లో ఉండే మనుషుల కోసమో కావాలి, అందుకని అద్దె ఒప్పందం ముగిస్తున్నాడు. జర్మన్ సివిల్ కోడ్ 573వ సెక్షన్ యజమానికి ఈ కారణాన్ని అనుమతిస్తుంది. కాబట్టి ఇంగ్లీషులో జర్మన్‌లో లేని 'ల్యాండ్‌లార్డ్' అన్న మాటను మనమే తేవాలి: 'టర్మినేషన్ ఆఫ్ ద టెనెన్సీ బికాజ్ ద ల్యాండ్‌లార్డ్ నీడ్స్ ద ఫ్లాట్ ఫర్ దెయిర్ ఓన్ ఆర్ దెయిర్ ఫ్యామిలీస్ యూజ్'. మూలంలో లేనిది కలిపామే అని బెంగపడనక్కర్లేదు. జర్మన్ చదివేవాడికి అది మాటలో కనపడకపోయినా మనసులో ఉంది. దాన్ని కాగితం మీద పెట్టడం కలపడం కాదు, విప్పడమే.

అతుకు దగ్గరున్న 'ఎస్'

ముక్కల మధ్య వచ్చే 'ఎస్', 'ఎన్', 'ఇఆర్' లాంటి అక్షరాలను చూసి, అవే విభక్తి గుర్తులని కొత్తవాళ్ళు పొరబడతారు. 'ఎస్' కనిపిస్తే షష్ఠి అనీ, 'ఇఆర్' కనిపిస్తే బహువచనం అనీ అనుకుంటారు. ఆర్బైట్ అనే మాట స్త్రీలింగం, దానికి షష్ఠిలో 'ఎస్' రాదు. అయినా సమాసంలో ఆర్బైట్స్ అనే వస్తుంది. హ్యూనర్‌ఐ అంటే కోడిగుడ్డు. హ్యూనర్ అన్నది కోళ్ళు అనే బహువచనంలా ఉంటుంది, కానీ గుడ్డు పెట్టింది ఒక్క కోడే. బిషోఫ్స్‌కోన్‌ఫెరెన్‌త్స్‌లో ముందు ముక్క ఏకవచనంలా ఉంది, కానీ సమావేశమయ్యేది బిషప్పులందరూ. కాబట్టి ఇంగ్లీషులో ఏకవచనమా, బహువచనమా అన్నది అక్షరాన్ని కాక, జరిగే పనిని చూసి తేల్చుకోవాలి.

అయితే ఆ 'ఎస్' పూర్తిగా దండగ కాదు. హోఫ్‌టోర్ అంటే పెరటి గేటు, మధ్యలో 'ఎస్' లేదు. ఫ్రీడ్‌హోఫ్స్‌టోర్ అంటే శ్మశానం గేటు, ఇక్కడ 'ఎస్' వచ్చింది. ముందున్నది తానే ఒక సమాసమైనప్పుడు, దాని చివర 'ఎస్' చేరి 'పెద్ద అతుకు ఇక్కడుంది' అని చూపించడం జర్మన్‌లో తరచుగా కనిపిస్తుంది. కచ్చితమైన సూత్రం కాదు గానీ, కోత పెట్టేటప్పుడు మొదట చూడదగ్గ చోటు. ఇది పనిచేయని చోట జర్మన్లే తడబడతారు. డ్రుక్‌ఎర్‌త్సోయిగ్నిస్ అని విరిస్తే అచ్చయిన వస్తువు, డ్రుకర్‌త్సోయిగ్నిస్ అని విరిస్తే ప్రింటర్‌కి ఇచ్చే సర్టిఫికెట్, రాస్తే అక్షరాలు ఒకటే. అలాంటప్పుడు మధ్యలో గీత పెట్టి రాయవచ్చని వాళ్ళ వర్ణక్రమ నియమాలే చెబుతాయి.

అరవై మూడు అక్షరాల చట్టం

జర్మన్ పొడుగు మాటలకు ఉదాహరణగా ప్రపంచమంతా చూపించేది ఉత్తరాన ఉన్న మెక్లెన్‌బుర్గ్-ఫోర్‌పొమెర్న్ రాష్ట్రం 1999లో చేసిన చట్టం పేరు. పశువులకు పిచ్చి ఆవు జబ్బు పాకిన రోజుల్లో మాంసం ఎక్కడిదో తెలియాలని పెట్టిన నిబంధనలతో వచ్చింది. 2013లో రద్దయింది. ఆ పేరు: రిండ్‌ఫ్లైష్‌ఎటికెటీరుంగ్స్‌యూబర్‌వాఖుంగ్స్‌ఔఫ్‌గాబెన్‌యూబర్‌ట్రాగుంగ్స్‌గెజెట్స్. జర్మన్ లిపిలో 63 అక్షరాలు.

చూడ్డానికి భయంకరంగా ఉన్నా, నిజానికి ఇది పైన చూసిన చిన్న మాటలకన్నా తేలిక. ఎందుకంటే ప్రతి ముక్కా దాని వెనక ముక్కకు కర్మ, మధ్యలో ఎక్కడా మెలిక లేదు. తెలుగులో పెడితే ముక్కల వరుస కూడా మారదు: గొడ్డుమాంసానికి లేబుల్ వేయడాన్ని పర్యవేక్షించే బాధ్యతలను అప్పగించే చట్టం. క్రియ చివరకు వచ్చే భాష మనది కాబట్టి జర్మన్ సమాసం మన వాక్యంలోకి ఎడమ నుంచి కుడికి అలాగే దిగుతుంది. ఇంగ్లీషులో మొత్తం తిరగేయాలి: చట్టం, అప్పగింత, బాధ్యతలు, పర్యవేక్షణ, లేబుల్, మాంసం.

తిరగేసేటప్పుడు మొదటి ప్రయత్నంలో వచ్చేది ఇది: 'యాక్ట్ ఆన్ ద ట్రాన్స్‌ఫర్ ఆఫ్ డ్యూటీస్ ఆఫ్ సూపర్‌విజన్ ఆఫ్ లేబులింగ్ ఆఫ్ బీఫ్'. అర్థం తప్పలేదు, కానీ వరుసగా నాలుగు 'ఆఫ్'లు. ప్రతి 'ఆఫ్' దగ్గరా చదివేవాడు వెనక్కి వెళ్ళాలి. ఇక్కడ రెండు పనులు చేయాలి. ఒకటి, పేర్లుగా మారిన క్రియలను మళ్ళీ క్రియలుగా చేయాలి. అప్పగింతను 'డెలిగేటింగ్' అనీ, పర్యవేక్షణను 'సూపర్‌వైజింగ్' అనీ అంటే రెండు 'ఆఫ్'లు పోతాయి. రెండు, అన్నిటికన్నా లోపలున్న ముద్దను ఇంగ్లీషు సమాసంగానే వదిలేయాలి. 'బీఫ్ లేబులింగ్' అంటే గొడ్డుమాంసం మీద లేబుల్ వేయడమే అని అందరికీ తెలుసు. అలా చేస్తే 'యాక్ట్ డెలిగేటింగ్ డ్యూటీస్ ఫర్ సూపర్‌వైజింగ్ బీఫ్ లేబులింగ్' అని వస్తుంది. ఒక్క ముక్కా పోలేదు, ఒక్కసారి చదివితే చాలు. లోపలి ముద్దను కట్టి ఉంచి, బయటి అతుకులను విప్పడం అన్న ఈ పద్ధతి నాలుగు ముక్కలకు మించిన ప్రతి మాటకూ పనికొస్తుంది.

ఇందులో ఇంకొకటి గమనించాలి. రిండ్‌ఫ్లైష్ కూడా సమాసమే: రిండ్ అంటే పశువు, ఫ్లైష్ అంటే మాంసం. దాన్ని మాత్రం మనం విప్పలేదు, 'బీఫ్' అని ఊరుకున్నాం. పంకజం అంటే బురదలో పుట్టినది అని విప్పగలం గానీ ఎవరూ విప్పరు, అది తామరకు రూఢి అయిపోయింది. జర్మన్‌లో గ్లవుజును చేతిబూటు అన్నట్టుగా హాండ్‌షూ అంటారు. దాన్ని విప్పి ఇంగ్లీషులో 'హ్యాండ్ షూ' అనడం పంకజాన్ని బురదపుట్టుక అనడమే. ఏ ముద్ద రూఢి అయిందో, ఏది అప్పటికప్పుడు కట్టినదో ముందు తేల్చుకుంటే సగం పని అయినట్టే.

ఈ చట్టం దగ్గర ఇంకో మంచి సంగతి ఉంది. జర్మన్ చట్టాలకు తరచుగా ఒక పొట్టి పేరూ, ఒక నిండు పేరూ ఉంటాయి. పొట్టి పేరు సమాసం, నిండు పేరు దానికి వాళ్ళే రాసిన విగ్రహవాక్యం. దీని నిండు పేరు 'పశువుల గుర్తింపు, గొడ్డుమాంసం లేబులింగ్‌ల పర్యవేక్షణకు సంబంధించిన బాధ్యతల అప్పగింత కోసం చట్టం' అని ప్రిపొజిషన్లతో సహా సాగుతుంది. చట్టం పేరు విప్పలేక టెన్షన్ పడే ముందు ఆ చట్టం మొదటి పేజీ తెరిస్తే చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది.

వెనక్కి నడిచి చూసుకోవడం

ఇంగ్లీషు పదబంధం తయారయ్యాక అర్థం పోయిందో లేదో తెలుసుకునే పరీక్ష ఒకటి నేను తప్పకుండా చేస్తాను. జర్మన్ మాటను దాచేసి, నేను రాసిన ఇంగ్లీషు ఇంకో జర్మన్ మాటకు కూడా సరిపోతుందా అని చూస్తాను. సరిపోతే నేను ఏదో జారవిడిచినట్టే.

ఆర్బైట్స్‌ఉన్‌ఫేయిగ్‌కైట్స్‌బెషైనిగుంగ్ ఈ పరీక్షకు మంచి ఉదాహరణ. ఒంట్లో బాగాలేనప్పుడు డాక్టరు ఇచ్చే కాగితం ఇది. జబ్బు 3 రోజులు దాటితే ఉద్యోగికి ఇది అవసరమవుతుంది. ముక్కలు: పని, అశక్తత, ధ్రువీకరణ. 'వర్క్ డిసెబిలిటీ సర్టిఫికెట్' అని పెట్టామనుకుందాం. వెనక్కి నడిస్తే జర్మన్‌లో ఇంకో రెండు మాటలు ఎదురవుతాయి. బెరూఫ్స్‌ఉన్‌ఫేయిగ్‌కైట్ అంటే తన వృత్తిని దీర్ఘకాలం చేయలేని స్థితి, దానికి ప్రైవేటు బీమాలుంటాయి. ఎర్వెర్బ్స్‌మిండెరుంగ్ అంటే ఏ రకమైన పనైనా రోజుకు చేయగలిగే గంటలు తగ్గిపోవడం. రోజుకు 3 గంటలైనా చేయలేకపోతే పూర్తి, 3 నుంచి 6 గంటల లోపు అయితే పాక్షికం, అది పెన్షన్ వ్యవహారం. 'వర్క్ డిసెబిలిటీ' అన్న ఇంగ్లీషు ఈ మూడింటికీ సరిపోతోంది. జలుబు చేసి నాలుగు రోజులు ఇంట్లో ఉన్న మనిషి కాగితం మీద శాశ్వత వైకల్యం నీడ పడుతోంది. వీసా ఫైల్లోనో, బీమా ఫైల్లోనో ఆ అనువాదం చేరితే సంజాయిషీలు చెప్పుకుంటూ తిరగాలి.

'సర్టిఫికెట్ ఆఫ్ ఇన్‌కెపాసిటీ ఫర్ వర్క్' అంటే ఆ నీడ చాలావరకు పోతుంది. మామూలు మెయిల్లో 'సిక్ నోట్' అన్నా తప్పులేదు. 'ఫిట్ నోట్' అనకూడదు. బ్రిటన్ 2010లో తెచ్చిన ఆ కాగితంలో కొన్ని షరతులతో పనిచేయవచ్చు అని కూడా డాక్టరు రాయగలడు, జర్మన్ కాగితం అలాంటిది కాదు.

ఇదే పరీక్ష చేయకపోవడం వల్ల జరిగిన ఒక సంగతి చెబుతాను. మనవాళ్ళబ్బాయి ఒకడు చదువుకోవడానికి వెళ్ళి, ఒక ఫ్లాట్‌లో గది తీసుకున్నాడు. ఫ్లాట్ అసలు అద్దెదారు ఇంకొకాయన, ఈ అబ్బాయి ఆయన దగ్గర ఉప అద్దెకు దిగాడు. జర్మనీలో ఇంట్లో దిగిన 2 వారాల్లోపు మున్సిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేసుకోవాలి. దానికి వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ అనే కాగితం కావాలి. వాడి దగ్గరున్న ఇంగ్లీషు సూచనల్లో దాన్ని 'ల్యాండ్‌లార్డ్స్ కన్ఫర్మేషన్' అని రాశారు. వాడు ఇంటి ఓనర్ కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఓనర్ వేరే దేశంలో ఉన్నాడు, మెయిళ్ళకు జవాబు లేదు. పదో రోజున నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, ఓనర్ సంతకం లేకపోతే రిజిస్ట్రేషన్ అవ్వదా?"

"కాగితం మీద జర్మన్‌లో ఏముందో ఒక్కసారి చదివి వినిపించు."

చదివాడు. వెనక నుంచి విప్పాం. బెష్టేటిగుంగ్ అంటే నిర్ధారణ. దేని నిర్ధారణ? మాటలో లేదు, ఫారం చూస్తే తెలుస్తుంది: ఫలానా తేదీన ఈ చిరునామాలో ఫలానా మనిషి దిగాడని. ఎవరు నిర్ధారించాలి? వోనుంగ్స్‌గేబర్. వోనుంగ్ అంటే నివాసం, గేబర్ అంటే ఇచ్చేవాడు. నివాసం ఇచ్చినవాడు, ఓనర్ కాదు. ఓనర్ అన్న మాటకు జర్మన్‌లో ఐగెన్‌ట్యూమర్ అని వేరే ఉంది, ఆ ఫారంలోనే కింద ఇంకో వరుసలో, నివాసం ఇచ్చినవాడు ఓనర్ కాకపోతే ఓనర్ పేరు రాయమని అడుగుతుంది. అంటే రెండూ ఒకటి కావని కాగితమే చెబుతోంది. ఉప అద్దెకు ఉన్నవాడికి నివాసం ఇచ్చింది అసలు అద్దెదారు. ఇంగ్లీషులో 'కన్ఫర్మేషన్ ఆఫ్ మూవింగ్ ఇన్, సైన్డ్ బై ద పర్సన్ హూ ప్రొవైడ్స్ ద అకామడేషన్' అని ఉంటే వాడికి ఈ పది రోజులు మిగిలేవి.

అసలు అద్దెదారు పక్క గదిలోనే ఉంటాడు. ఆ సాయంత్రం వంట చేసుకుంటూనే సంతకం పెట్టి ఇచ్చాడట.